బరంపురం ట్రైనింగ్, నవంబరు 17, 18, 19: కార్యక్రమం, ప్రయాణం, ముందుగా చేసి తేవాల్సిన పని, దుస్తులు

బరంపురం, ఇచ్ఛాపురం, పలాస, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ బ్రాంచీల మేనేజర్లకు, ఫీల్డ్ ఆఫీసర్లకు నమస్కారం.

మూడు రోజుల ట్రైనింగ్ తేదీలు ఖాయమయ్యాయి. నవంబరు 17 మంగళవారం నుంచి 19 గురువారం దాకా, బరంపురం ప్రాంతీయ ఆఫీసు రెండో అంతస్తు హాల్లో. మొదట సోమవారమే మొదలుపెడదామనుకున్నాం. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి ప్రయాణం చేసి, రోజంతా క్లాసులో కూర్చోవడం కష్టమని చాలామంది చెప్పడంతో ఒక రోజు జరిపాం.

మేనేజర్లకు ముందుగా ఒక మాట. మన స్టాఫ్‌లో ఇంట్లో తెలుగే మాట్లాడినా, ఒడియా మీడియంలో చదువుకోవడం వల్ల తెలుగు లిపి చదవలేని వాళ్లు ఉన్నారు. దయచేసి ఈ మెయిల్ వాళ్లకి చదివి వినిపించండి. ప్రీవర్క్ భాగాన్ని నేను నా గొంతుతో రికార్డు చేసి బ్రాంచి గ్రూపుల్లో పెడుతున్నాను. క్లాసు తెలుగులో జరుగుతుంది. మధ్యలో ఒడియాలో అడిగినా జవాబు వస్తుంది. స్లయిడ్ల మీద అంకెలే ఎక్కువ, అక్షరాలు తక్కువ.

ఈ ట్రైనింగ్ ఎందుకు

లోను ఇచ్చేముందు, ఇచ్చాక, వసూలు చేసేటప్పుడు మనం చెప్పే ప్రతి మాటా కస్టమరుకి అర్థం కావాలి. మూడు రోజులూ నేర్చుకునేది ఇదే. రిజర్వ్ బ్యాంకు మైక్రోఫైనాన్స్ నిబంధనలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. లోన్ కార్డు కస్టమరుకి అర్థమయ్యే భాషలో ఉండాలని వాటిలో స్పష్టంగా రాసి ఉంది. మన ప్రాంతంలో ఆ ఒక్క వాక్యాన్ని పాటించడమే పెద్ద పని. తెలుగులో మాట్లాడి ఒడియాలో చదివే అక్క, రెండూ మాట్లాడి ఏదీ చదవలేని పెద్దమ్మ ఒకే సెంటర్‌లో పక్కపక్కన కూర్చుంటారు.

ఇది నాకు సొంత విషయం కూడా. మా అమ్మ ఒకప్పుడు ఒక కంపెనీ దగ్గర గ్రూపు లోను తీసుకుంది. ఇంగ్లీషు కార్డు ఇచ్చారు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బియ్యం డబ్బాలో దాచుకునేది. వారానికి ఎంత కట్టాలో తెలుసు, ఇంకెన్ని వారాలు కట్టాలో తెలీదు. కట్టినప్పుడల్లా వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు కార్డూ గీతలూ పక్కపక్కన పెట్టి లెక్కేశాను. కట్టాల్సినదానికంటే రెండు కిస్తీలు ఎక్కువ కట్టింది. "అడిగితే ఏమనుకుంటారో అని అడగలేదే" అంది. మన కస్టమర్లలో ఒక్కరు కూడా అలా అడగడానికి జంకే పరిస్థితి ఉండకూడదు.

కార్యక్రమం

మంగళవారం 9.30కి మొదలు. ఉదయమంతా నిబంధనలు. ఏడాది ఆదాయం 3 లక్షల రూపాయల లోపు ఉన్న కుటుంబానికి పూచీకత్తు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఆ ఇంట్లో అన్ని అప్పులకీ నెలనెలా కట్టేది నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఈ "అన్ని అప్పులకీ" అన్న చోటే మన దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి కాబట్టి దానికే రెండు గంటలు పెట్టాం. భోజనం తర్వాత కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌ని చదివి చెప్పడం. ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు కస్టమరుగా, ఒకరు ఆఫీసరుగా. 5.30కి ముగింపు.

బుధవారం వసూళ్లు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇదే, దయచేసి ఎవరూ సగంలో వెళ్లవద్దు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత కస్టమరుకి ఫోన్ చేయకూడదు. ఇద్దరూ కలిసి అనుకున్న చోటే వసూలు చేయాలి. ఆ చోటికి వరసగా రెండుసార్లో అంతకంటే ఎక్కువో రాకపోతేనే ఇంటికో పని చేసే చోటికో వెళ్లొచ్చు. లోను ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు. ఆలస్యమైతే పెనాల్టీ ఆగిన మొత్తం మీదే, మొత్తం లోను మీద కాదు. ఇవన్నీ మీకు తెలిసినవే. తెలిసి కూడా నెలాఖరు టార్గెట్ టెన్షన్‌లో ఎక్కడ జారిపోతున్నామో మాట్లాడుకుందాం. మీరు చెప్పింది ఆ హాలు దాటి బయటికి వెళ్లదు, మీ పనితీరు రిపోర్టులోకీ రాదు. దానికి నాది బాధ్యత. మధ్యాహ్నం ఫిర్యాదుల సంగతి: ముందు మన దగ్గర, జవాబు నచ్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గర. cms.rbi.org.in, టోల్ ఫ్రీ 14448. సాయంత్రం 4.30కి బస్సులో గోపాల్‌పూర్ వెళ్దాం. ఒడ్డునే కూర్చుందాం. అక్కడ సముద్రం ఉద్ధృతంగా ఉంటుంది, దిగవద్దు.

గురువారం ఉదయం ఊళ్లోకి. బరంపురం పక్కనే రెండు సెంటర్లకి రెండు జట్లుగా వెళ్తాం. 9.30కి మీటింగు. మనం వినడానికి వెళ్తున్నాం, ఆ రోజు కలెక్షన్ ఉండదు. ఒంటిగంటకి తిరిగి హాలుకి వస్తాం, 3.30కి అందరూ బయల్దేరవచ్చు. పట్టుచీరలు, అప్పడాలు కొనుక్కునే వాళ్లకి బజారుకి వెళ్లే టైము ఉంటుంది.

ముందుగా చేసి తేవాల్సిన పని

12వ తేదీ గురువారం సాయంత్రంలోగా ఈ మెయిల్‌కే జవాబుగా పంపండి. మొత్తం గంటన్నర పని.

మొదటిది ఒక లెక్క. ఒక ఇంటి నెల ఆదాయం 18,000. గ్రూపు లోను కిస్తీ 2,400, బండి లోను 3,100, ఇంకో చోట 1,900. ఇప్పుడు ఆవిడ మనల్ని 24 నెలలకి 40,000 అడుగుతోంది. వడ్డీ ఏడాదికి 24 శాతం, తగ్గుతున్న అసలు మీద. కిస్తీ ఎంతో ఎక్సెల్‌లో ఇలా వస్తుంది:

```
=PMT(24%/12,24,-40000)
```

సుమారు 2,115 వస్తుంది. ఈ లోను ఇవ్వొచ్చా? ఇవ్వలేకపోతే ఎంత ఇవ్వగలం, లేదా గడువు ఎలా మారిస్తే కుదురుతుంది? అన్నిటికంటే ముఖ్యం, ఆవిడతో ఏం చెబుతారు? ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టుగా నాలుగైదు వాక్యాల్లో రాయండి. రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పంపండి.

రెండోది రికార్డింగు. మన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌ని మీ ఇంట్లో ఈ పనితో సంబంధం లేని ఒకరికి, మీ సెంటర్‌లో మాట్లాడే భాషలో, రెండు నిమిషాల్లో వివరించండి. తర్వాత వాళ్లనే "నీకేం అర్థమైంది?" అని అడిగి, ఆ జవాబు కూడా రికార్డు చేయండి. నాకు ఆ జవాబే ఎక్కువ కావాలి.

మూడోది మాటలు. మీ సెంటర్‌లో వడ్డీ, అసలు, ఓవర్‌డ్యూ, ఇన్సూరెన్స్ లాంటి వాటికి కస్టమర్లు నిజంగా ఏ మాట వాడతారో పది రాసి తెండి. కిస్తీ రెండు భాషల్లోనూ కిస్తీయే. వడ్డీని ఒడియా వాళ్లు సుధ అంటారు. గుణుపూర్, రాయగడ వాళ్లు కొండ ఊళ్ల మాటలు కూడా రాయండి, అవి మా ఎవరి దగ్గరా లేవు.

కస్టమర్ల కార్డుల ఫొటోలు మాత్రం పంపవద్దు. రెండు కార్డుల జిరాక్సులు, పేరు, ఆధార్, ఫోన్ నంబరు కొట్టేసి, మీతో తీసుకురండి.

14వ తేదీ శనివారం సాయంత్రం 4కి అరగంట ఆన్‌లైన్‌లో కలుద్దాం. లింకు మీ క్యాలెండర్‌కి వచ్చిన ఇన్విటేషన్‌లో ఉంది. సిగ్నల్ అందని వాళ్లు బ్రాంచిలో ఒకే ఫోన్ చుట్టూ కూర్చున్నా చాలు.

ప్రయాణం, బస

టికెట్ బుక్ చేసేటప్పుడు స్టేషన్ పేరు Brahmapur అని, కోడ్ BAM అని కనిపిస్తుంది. గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ వాళ్లు సోమవారం సాయంత్రానికే చేరుకోండి, ఆ రాత్రి బస మాదే. పలాస వాళ్లు కూడా ముందు రోజే వస్తే మంచిది. ఇచ్ఛాపురం వాళ్లు రోజూ వెళ్లి రావచ్చు, లేదా ఉండిపోవచ్చు, ముందే చెప్పండి. సోమవారం సాయంత్రం 5 నుంచి 10 దాకా స్టేషన్ బయట మన కంపెనీ బోర్డు పెట్టిన జీపు ఉంటుంది. ఆఫీసు పక్క లాడ్జిలో గదికి ఇద్దరు. టికెట్లు, బస్సు చార్జీల రసీదులు దాచండి, గురువారం మధ్యాహ్నమే అకౌంట్స్ వాళ్లు తీసుకుంటారు.

మూడు రోజులూ శాకాహారమే. మనకీ కార్తీకమే, ఒడియా వాళ్లకీ పున్నమి దాకా కార్తీకమే. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్ల కోసం వేరే వండిస్తాం. షుగరు ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు మొహమాటపడకుండా రాయండి. పిల్లని, తోడుగా ఒకరిని తెచ్చుకునే వాళ్లకి వేరే గది ఇస్తాం.

అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరం సంగతి తెలిసిందే. ఫైలిన్, తిత్లీ చూసినవాళ్లం. తుపాను హెచ్చరిక వస్తే ఆదివారం మధ్యాహ్నం 2 లోగా వాయిదా గురించి చెబుతాం. ఎవరూ ధైర్యం చేసి బయల్దేరవద్దు.

ఆ మూడు రోజులూ మీ సెంటర్లు ఎవరు చూస్తారో మేనేజర్లు 13లోగా రాసి పెట్టండి. క్లాసు మధ్యలో కలెక్షన్ ఫోన్లు రాకూడదు.

దుస్తులు

మొదటి రెండు రోజులు ఆఫీసుకి వచ్చినట్టే రండి. మగవాళ్లు ప్యాంటు, చొక్కా. ఆడవాళ్లు చీర, చుడీదార్, ఏది సౌకర్యమైతే అది. టై అక్కర్లేదు. హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువో స్వెట్టరో తెచ్చుకోండి.

గురువారం మాత్రం ఆలోచించి వేసుకోండి. సాదా నూలు బట్టలు, సులువుగా విప్పి వదిలే చెప్పులు. ప్రతి గుమ్మం దగ్గరా లేసులు విప్పుతూ నిలబడితే లోపల చాప మీద వాళ్లు ఎదురుచూస్తూ ఉండాలి. నల్ల కళ్లద్దాలు వద్దు. ఐడీ కార్డు పేరు కనిపించేలా వేసుకోండి, మనమెవరో ఆ ఇంటి వాళ్లకి తెలిసే హక్కు ఉంది. కుర్చీ వేసినా వాళ్లు కింద కూర్చుంటే మీరూ కిందే కూర్చోండి, అందుకు వీలైన బట్టలు వేసుకోండి.

వస్తున్నారో లేదో, ఏ రోజు చేరతారో, భోజనం సంగతి, ఈ మూడూ 6వ తేదీ శుక్రవారంలోగా రాయండి. సందేహం ఉంటే బ్రాంచి గ్రూపులో అడగండి, అందరికీ పనికొస్తుంది. సొంత విషయమైతే నాకు విడిగా రాయండి.

ఇట్లు,
ట్రైనింగ్ కోఆర్డినేటర్
ప్రాంతీయ ఆఫీసు, బరంపురం
నవంబరు 2, 2026