పద్మా, ఆ స్క్రీన్‌షాట్ గురించి

పద్మా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే న్యాయం. అందుకే రాస్తున్నా. జవాబు ఇయ్యాలని ఏం లేదు.

మీ అన్నతో నీ చాటింగ్‌ను హసీనాకు, సుజాతకు పంపింది నేనే. నువ్వు నాకు పంపిన గంటలోపలే. "వాళ్లను సలహా అడుగుదామని పంపినా" అని నిన్న నీతో అన్నా కదా, అది అబద్ధం. సలహాకైతే పేరు లేకుండా అడగొచ్చు. మీ అమ్మ గాజులు కుదువ పెట్టినాడని చదివి నోరు ఆగలేదు నాకు. కింద "చూడండే వాళ్లన్న పని" అని కూడా రాసినా. ఆ ముక్క నీకెవరూ చెప్పి ఉండరు.

సుజాత వాళ్లాయన కూడా కర్నూలు యార్డులో ఉల్లిగడ్డల వ్యాపారమే చేస్తాడని, మీ అన్నను రోజూ చూస్తాడని నాకు తెలుసు. తెలిసీ పంపినా. పొద్దున్నే నలుగురి ముందర "ఏమప్పా, గాజులు విడిపించినావా" అని అడిగించుకున్న మనిషి ఇంటికొచ్చి నీ మీద అరిచినాడు. ఆ తిట్లు నేను తినాల్సినవి.

నిన్న రాత్రి నా వైపు నుంచి అందరికీ డిలీట్ కొట్టినా. దాంతో అయిపోదు, అప్పటికే సేవ్ చేసుకున్నది పోదు కదా. ఇద్దరికీ ఫోన్ చేసి, తప్పు నాదని, పద్మ పంపమనలేదని చెప్పినా. హసీనా గ్యాలరీలోనూ, ట్రాష్‌లోనూ తీసేసింది. సుజాత తనది తీసేసింది కానీ, వాళ్లాయన ఫోన్‌లో ఉందో లేదో తనకే తెలీదంట. అది పోయిందని నీకు మాట ఇయ్యలేను. ఆయన వేరేవాళ్లకు పంపినాడేమో అది కూడా కనుక్కోమన్నా. ఏం చెప్తే అది ఉన్నదున్నట్టు నీకు రాస్తా.

మీ అమ్మకు తెలీకూడదనే కదా నువ్వు అంత జాగ్రత్తగా రాసుకున్నావు. ఆమె చెవిన వేయొద్దని ఇద్దరితో గట్టిగా చెప్పినా.

మీ అన్న దగ్గరికి వచ్చి "పద్మ నన్ను నమ్మి చూపించింది, బయటపెట్టింది నేను" అని చెప్పడానికి సిద్ధం. కానీ నిన్ను అడక్కుండా రాను. ఈసారి కూడా నా అంతట నేనే తీర్మానం చేస్తే మళ్లీ అదే పని. నువ్వు రమ్మంటే వస్తా, వద్దంటే ఆ మాటే ఎత్తను. మా ఆయనను తోడు తెచ్చుకోను, ఒక్కదాన్నే వస్తా.

నువ్వు ఇంతకుముందు పంపినవి, ఆస్పత్రి రిపోర్టులతో సహా, నా ఫోన్‌లోంచి తీసేసినా. అవి ఎవరికీ పోలేదు. కావాలంటే ఫోన్ నీ చేతికిస్తా, చూసుకో.

చీటీ డబ్బు ఈ నెల కూడా నీ తరఫున నేనే కట్టొస్తా, దాని కోసం నువ్వు నాతో మాట్లాడాల్సిన పని లేదు. రసీదు హసీనాతో పంపిస్తా.

తప్పు చేసినా పద్మా.

రమణమ్మ