ప్రమాదకరమైన వైరింగ్ గురించి ఇంటి యజమానికి కిరాయిదారు ఇచ్చిన నోటీసు

హైదరాబాద్,
17 నవంబరు 2025

స్పీడ్ పోస్టు ద్వారా (ముట్టినట్టు రసీదుతో). ఇదే కాపీ వాట్సాప్‌లోనూ పంపుతున్నాను.

శ్రీ రామచంద్రారావు గారికి,
నిజాంపేట, హైదరాబాద్.

పంపువారు: కె. మాధవి, మొదటి అంతస్తు, రోడ్డు వైపు పోర్షన్, మల్కాజిగిరి, హైదరాబాద్.

విషయం: మా పోర్షన్‌లోనూ, మెట్ల కింది మీటర్ల బోర్డు దగ్గరా ఉన్న ప్రమాదకరమైన వైరింగ్‌ను బాగుచేయించడం, చేయించకపోతే జరిగే అగ్నిప్రమాదానికి బాధ్యత.

నమస్కారం అంకుల్,

నాలుగేళ్లుగా మీ ఇంట్లో ఉంటున్నాం. ఇన్నాళ్లూ ఏదున్నా ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. మీకు ఇలా నోటీసు రాయాల్సి వస్తుందని అనుకోలేదు. కానీ వైరింగ్ విషయం మూడుసార్లు చెప్పాను. అక్టోబరు 6న చెబితే వర్షాలు తగ్గాక చూద్దాం అన్నారు. దీపావళి మర్నాడు చెబితే ఎలక్ట్రీషియన్‌ను పంపిస్తానన్నారు, ఎవరూ రాలేదు. నవంబరు 9న చెబితే "పాత ఇల్లన్నాక ఇట్లనే ఉంటదమ్మా, గీజర్ తక్కువ వాడుండ్రి" అన్నారు. ఇక నోటిమాటతో లాభం లేదని తేదీలతో సహా కాగితం మీద పెడుతున్నాను.

నవంబరు 9 ఆదివారం పొద్దున ఆరున్నరకు మా అత్తయ్య స్నానానికని గీజర్ వేశాం. పది నిమిషాలకు ప్లాస్టిక్ కాలిన వాసన. బాత్‌రూమ్ బయట ఉన్న సాకెట్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. మెయిన్ ఆపి ప్లగ్గు లాగితే ఒక పిన్ను సాకెట్‌లోనే అతుక్కుపోయింది. ప్లేటు విప్పాక చూస్తే లోపల వైరు పైతొడుగు కరిగి బొగ్గులా ఉంది, చెక్క పెట్టె వెనకభాగం నల్లబడింది. ఆ చెక్క అంటుకోకపోవడం మా అదృష్టం. ఫోటోలు ఆ రోజే మీకు పంపాను, రెండు నీలం టిక్కులు కూడా పడ్డాయి.

12న లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను నేనే పిలిపించి ఇల్లంతా చూపించాను. ఆయన సంతకంతో రాసిచ్చిన రిపోర్టు జతచేశాను. అందులో ఉన్నది మామూలు మాటల్లో చెబుతాను.

గీజర్ సాకెట్‌కూ వంటింటి సాకెట్లకూ కలిపి ఒకటే లైను ఉంది, అదీ 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. లైట్లకు, ఫ్యాన్లకు వేసే వైరు అది. 2000 వాట్ల గీజర్ ఒక్కటే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. అదే సమయంలో వంటింట్లో ఇండక్షన్ స్టవ్ పెడితే ఇంకో 8, 9. గోడలో పైపులో పోయే ఆ సన్నటి వైరు ఇంత లోడు తట్టుకోదు. అసలు ఘోరం ఏమిటంటే, లోడు ఎక్కువైతే కరెంటును దానంతట ఆపాల్సిన ఎంసీబీ స్విచ్చు ఆ లైనుకు 32 ఆంపియర్లది పెట్టారు. వైరు కాలిపోతున్నా ఎంసీబీ పడదు. మొన్న జరిగింది అదే. కరెంటు దానంతట అది పోలేదు, వాసన వచ్చింది కాబట్టి మేం ఆపాం. గీజర్ తక్కువ వాడమని మీరన్న మాట దగ్గర నేను ఆగిపోయింది ఇందుకే. ఆ గీజర్ మేం తెచ్చుకున్నది కాదు, ఇంటితో పాటు మీరిచ్చింది. అగ్రిమెంట్‌లో సామాన్ల లిస్టులో రెండో లైను.

రెండోది ఎర్త్. మూడు పిన్నుల సాకెట్లన్నిటికీ ఎర్త్ రంధ్రం ఉంది, దాని వెనక ఎర్త్ లేదు. మెయిన్ బోర్డులో ఎర్త్ వైరును కత్తిరించి టేపు చుట్టి వదిలేశారు. కింద పార్కింగ్‌లో టైల్స్ వేయించినప్పుడు ఎర్త్ గొయ్యి కూడా వాటి కిందికి పోయిందని పక్క పోర్షన్ వాళ్లు చెప్పారు. వాషింగ్ మెషీన్ బాడీకి టెస్టర్ పెడితే వెలుగుతోంది. మా బాబుకు నాలుగేళ్లు, తడి చేతులతో దేన్ని ముట్టుకుంటాడో అని ఇంట్లో అందరికీ టెన్షన్. లీకేజీ కరెంటును పట్టే ఆర్‌సీసీబీ కూడా బోర్డులో లేదు.

హాలు స్లాబు నుంచి నీళ్లు కారి జంక్షన్ బాక్సులోకి దిగుతున్నాయి. అక్టోబరు వానల్లో ట్యూబ్‌లైటు పట్టీ మీదుగా తుప్పునీళ్లు కారాయి. ఆ లైను అప్పటినుంచి ఆపేసి ఉంచాం.

ఇక మెట్ల కింద. ఐదు మీటర్లూ అక్కడే. మా మెయిన్ స్విచ్ కిట్‌క్యాట్‌లో ఫ్యూజు వైరు బదులు నాలుగు పోగుల రాగి వైరు మెలేసి బిగించారు. ఇది ఎవరు చేశారో నాకు తెలియదు, మేం మాత్రం ఆ పెట్టె ఎన్నడూ తెరవలేదు. దాని పక్కనే రెండో అంతస్తు వాళ్ల ఎలక్ట్రిక్ స్కూటర్ రాత్రంతా ఎక్స్‌టెన్షన్ బాక్సుతో చార్జింగ్‌లో ఉంటుంది. దానికి జానెడు దూరంలో టైలర్ షాపు వాళ్ల బట్టల మూటలు. పై మూడు అంతస్తుల వాళ్లకు బయటికి రావడానికి ఉన్నది ఆ ఒక్క మెట్ల దారే. మా అత్తయ్యకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పొగ ఆ మెట్ల గుండా పైకి వస్తే మేం దిగే దారి లేదు. ఈ ఏడాది మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో మంటలొచ్చి 17 మంది చనిపోయింది మన ఊళ్లోనే.

ఇప్పుడు బాధ్యత సంగతి. దీన్ని బెదిరింపుగా తీసుకోవద్దు, తెలిసినవాళ్లలో ఒక వకీలు గారిని అడిగి తెలుసుకున్నదే రాస్తున్నాను.

మన అగ్రిమెంట్ (1 జూన్ 2025) 9వ క్లాజు ప్రకారం పైకప్పు, ప్లంబింగ్, కరెంటు లైన్ల పెద్ద మరమ్మతులు యజమానివి. బల్బులు, ట్యూబులు, కుళాయి వాషర్లు మావి. గోడలో వైరు, ఎర్త్, మెయిన్ బోర్డు పెద్ద మరమ్మతులే. యజమాని చేయించాల్సిన మరమ్మతును నోటీసు అందాక తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(ఎఫ్) చెబుతోంది. అద్దెకిచ్చేటప్పుడు తనకు తెలిసి, కిరాయిదారు మామూలుగా చూస్తే కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని యజమాని చెప్పి తీరాలని అదే సెక్షన్‌లో (ఎ) అంటుంది. మాకంటే ముందు ఉన్నవాళ్లకు కూడా ఇదే సాకెట్ ఒకసారి కాలిందని, మీకు చెప్పామని వాళ్లు నాతో అన్నారు. అది నిజమో కాదో మీరే చెప్పాలి.

రేపు నిజంగా మంటలు లేస్తే నష్టం మా సామాన్లతో ఆగదు. కింది టైలర్ షాపు, పై అంతస్తుల వాళ్లు మన అగ్రిమెంట్‌లో లేరు, కానీ నిర్లక్ష్యం వల్ల నష్టపోయామని మీ మీద విడిగా దావా వేయొచ్చు. ఎవరికైనా తీవ్ర గాయాలైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద, ప్రాణం పోతే సెక్షన్ 106(1) కింద కేసు పెట్టే అవకాశం ఉంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి ఐదేళ్ల దాకా జైలు. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 161 కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌తో విచారణ చేయించొచ్చు. ఆ విచారణలో వాళ్లు చూసేది వైరు, ఎంసీబీ, ఎర్త్. ఆ మూడింటి గురించీ ఈ ఉత్తరంలో ఉంది.

మీటరు దాకా కరెంటు డిపార్టుమెంట్ వాళ్లదే కదా, వాళ్లనడగండి అని మీరు ఒకసారి అన్నారు. నేను చెబుతున్నవన్నీ మీటరు తర్వాతివి. అయినా డిపార్టుమెంట్ తప్పు కొంత ఉన్నంత మాత్రాన ఓనర్ బయటపడరు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలైన మంటల్లో 59 మంది చనిపోయారు. నష్టపరిహారంలో 85 శాతం థియేటర్ యజమానుల మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద వేస్తూ 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అక్కడే 1989లో ఒకసారి మంటలొచ్చాయి. సినిమా హాలుకూ మన బిల్డింగ్‌కూ పోలిక లేదు, నిజమే. ముందే ఒక హెచ్చరిక వచ్చి ఉండటం మాత్రం రెండుచోట్లా ఉంది.

మా బిల్డింగ్‌కు ఇన్సూరెన్స్ ఉందని మీరు చెప్పారు, మంచిదే. వైరింగ్ బాగాలేదని ముందే రాతలో తెలిసీ ఊరుకున్నారని తేలితే క్లెయిమ్ దగ్గర కంపెనీ అడ్డుపెట్టే ప్రమాదం ఉంది. ఒకసారి మీ ఏజెంటును అడగండి.

మా వంతు మేం చేస్తున్నాం. గీజర్, ఇండక్షన్ 9వ తేదీ నుంచి వాడటం లేదు, నీళ్లు గ్యాస్ మీద కాచుకుంటున్నాం. రాత్రి పడుకునేముందు ఆ లైను ఎంసీబీ కిందికి దించుతున్నాం. మా వస్తువు వల్ల, మా అజాగ్రత్త వల్ల ఏదైనా జరిగితే అది మాదే, మీ మీద వేయను.

మీరు చేయాల్సింది ఇది. ఈ నోటీసు అందిన 7 రోజుల్లో: మెయిన్ స్విచ్‌లో సరైన ఫ్యూజు లేదా ఎంసీబీ, గీజర్‌కు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల లైను, దానికి తగ్గ ఎంసీబీ, ఎర్త్ గొయ్యి మళ్లీ తీయించి ఎర్త్ వైరు కలపడం, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మెట్ల కింద బట్టల మూటలు, స్కూటర్ చార్జింగ్ తీయించడం. 30 రోజుల్లో: స్లాబు లీకేజీ బాగుచేయించి, తడిసిన జంక్షన్ బాక్సు, హాలు వైరింగ్ మార్పించడం. పని అయ్యాక లైసెన్సు ఉన్న మనిషితో టెస్టింగ్ చేయించి కాగితం ఇప్పించండి. మీకు తెలిసిన ఎలక్ట్రీషియనే అయినా నాకు అభ్యంతరం లేదు, లైసెన్సు ఉంటే చాలు. రోజూ సాయంత్రం నాలుగు తర్వాత, శని ఆదివారాలు పూర్తిగా ఇంట్లోనే ఉంటాం. రెండు రోజులు కరెంటు ఆపాల్సి వస్తే మా చెల్లెలింటికి వెళ్తాం.

7 రోజుల్లో మొదటి పని మొదలుకాకపోతే, మా పోర్షన్‌కు సంబంధించినవి నేనే చేయిస్తాను. ఎలక్ట్రీషియన్ అంచనా 27,400 రూపాయలు. మన కిరాయి 18,000 కాబట్టి డిసెంబరులో 14,000, జనవరిలో 13,400 మినహాయించి మిగతాది పంపుతాను, బిల్లులు మీకు ఇస్తాను, వడ్డీ అడగను. మెట్ల కింది బోర్డు సంగతి కరెంటు సెక్షన్ ఆఫీసుకూ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తాను. అప్పటికీ కదలకపోతే ఇల్లు ఖాళీ చేస్తాం, అప్పుడు అడ్వాన్సు 36,000 పూర్తిగా తిరిగివ్వాలి.

ఇది మీకూ మాకూ ఉన్న పరిచయాన్ని చెడగొట్టాలని రాసింది కాదు. మా బాబు అన్నప్రాసనకు మీరూ ఆంటీ వచ్చి ఆశీర్వదించారు. మీరు ఈ వారంలో ఒక్కసారి వచ్చి ఆ సాకెట్ పెట్టె కళ్లారా చూడండి. తీసి పారేయకుండా అలాగే ఉంచాను.

ఇట్లు,
కె. మాధవి

జతచేసినవి: ఎలక్ట్రీషియన్ రిపోర్టు, ఖర్చు అంచనా (12 నవంబరు 2025), సాకెట్, మెయిన్ బోర్డు, మెట్ల కింది మీటర్ల ఫోటోలు 11, అగ్రిమెంట్ 9వ క్లాజు, సామాన్ల లిస్టు జిరాక్సు, అక్టోబరు 6, 21, నవంబరు 9 వాట్సాప్ మెసేజీల ప్రింటు.