చేంజ్ రిక్వెస్ట్ 3కి మీ ఆమోదం కోరుతూ: అదనంగా 5 వారాలు

నిజామాబాద్
12 డిసెంబర్ 2025

ధర్మాబాద్ మిర్చి ఆడత్ దుకాణం యజమాని, సేఠ్ గారికి నమస్కారం.

మీ దుకాణానికి చేస్తున్న కాంటా, తక్‌పట్టి సాఫ్ట్‌వేర్ గురించి ఈ ఉత్తరం. నవంబర్ 28న మీరు కొత్తగా అడిగిన రెండు పనులను చేంజ్ రిక్వెస్ట్ 3గా రాసి దీనికి జత చేశాను. ఇవి చేరితే పూర్తి పని అప్పగించే తేదీ జనవరి 5 నుంచి ఫిబ్రవరి 9కి జరుగుతుంది. ఖర్చు 68,000 రూపాయలు పెరుగుతుంది, జీఎస్టీ అదనం.

మిర్చి రాక మొదలయ్యే వేళకు ఈ మాట చెప్పడం నాకూ ఇష్టం లేదు. అందుకే ముందే చెబుతున్నాను: మొదటి ఒప్పందంలో ఉన్న కాంటా లెక్క, బస్తాల స్టాక్, ఇంగ్లిష్ పట్టి జనవరి 5కే మీ గల్లాపెట్టె పక్కన నడుస్తాయి. ఆగేది కొత్తగా అడిగినవే.

మొదటిది తెలుగు, మరాఠీ పట్టి. ఆ రోజు నేను మీ దగ్గరే కూర్చున్నాను. భైంసా వైపు నుంచి వచ్చిన రైతు ఇంగ్లిష్ పట్టిని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి మునీం గారికే ఇచ్చి చదవమన్నాడు. "చదవరాని పట్టి రైతుకెందుకయ్యా" అని మీరు అన్న మాట న్యాయమైనదే. మీ ప్రింటర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే ఉన్నాయి. తెలుగు పంపితే వరసగా ప్రశ్నార్థకాలు అచ్చు వేసింది. పట్టి మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపితే వత్తులు, గుణింతాలు సరిగ్గానే వచ్చాయి గానీ ఒక్కో పట్టికి 11 సెకన్లు పట్టింది. కాంటా దగ్గర ఇరవై మంది నిలబడి ఉంటే అది కుదరదు. తూకం, తరుగు, హమాలీ లాంటి మారని మాటల బొమ్మలను ప్రింటర్‌లోనే దాచి ఉంచి, రైతు పేరు, ఊరు, అంకెలు మాత్రం అప్పటికప్పుడు పంపేలా తిరిగి రాయాలి.

పేర్లతో ఇంకో చిక్కు ఉంది. మునీం గారు పేర్లు మరాఠీలో కొడతారు. మరాఠీ రాతలో మన హ్రస్వ ఎ, ఒ లకు వేరే గుర్తులు లేవు. దాన్ని మళ్లీ తెలుగులోకి మారిస్తే చెన్నయ్య చేన్నయ్య అవుతాడు, కొండయ్య కోండయ్య అవుతాడు. తన పేరే తప్పుగా ఉన్న పట్టిని ఏ రైతు నమ్ముతాడు? మీ ఖాతాలో ఉన్న 640 పేర్లనూ ఒకసారి చేత్తో సరిచూడక తప్పదు. దానికి మీ చిన్నబ్బాయిని రెండు రోజులు మాకు ఇవ్వాలి. ఎవరు ఏ ఊరివారో ఆయనకు తెలిసినంతగా మా పిల్లలకు తెలియదు. ఈ పట్టి పనికి రెండున్నర వారాలు.

రెండోది సరిహద్దు దాటే సరుకు. మహారాష్ట్ర లోపలి అమ్మకాలకే బిల్లు రాసేలా మనం ఒప్పుకున్నాం. ఇప్పుడు నిజామాబాద్ కొనుగోలుదార్లకూ కావాలన్నారు. అప్పుడు రెండు పన్నుల బదులు ఐజీఎస్టీ పడుతుంది, రాష్ట్ర కోడ్ 27 కాక 36 వస్తుంది. అసలు ఇబ్బంది ఈ-వే బిల్లుది. మహారాష్ట్ర లోపల లక్ష రూపాయలు దాటితే కావాలి, రాష్ట్రం దాటితే యాభై వేలు దాటగానే కావాలి. లారీ లోడుకు ఎలాగూ తీస్తారు. బొలెరోలో వెళ్లే డెబ్బై వేల సరుకే తప్పిపోతుంది, బండి ఆగేదీ అక్కడే. దీనికి ఒకటిన్నర వారం.

మిగిలిన వారం మీ దుకాణంలోనే, నిజమైన తూకాల మీద పరీక్ష. ఈ వారానికి డబ్బు వేయలేదు. ప్రింటర్‌ను ఒప్పందం రోజునే పరీక్షించాల్సింది, ఆ పొరపాటు నాది.

ఫిబ్రవరి 9 దాకా తెలుగు రైతులకు మునీం గారు ఇప్పటిలాగే చేత్తో పట్టి రాయాలి. అది భారమేనని తెలుసు. రెండింటిలో ఒకటే ముందు కావాలంటే నేనైతే ఈ-వే బిల్లే ముందు చేయిస్తాను. మీ ఆలోచన వేరైతే చెప్పండి, వరస మారుస్తాను.

డిసెంబర్ 17 బుధవారం లోపు జతచేసిన కాగితంపై సంతకం, దుకాణం ముద్ర వేసి వాట్సాప్‌లో ఫొటో పంపితే చాలు, అసలు కాగితం నేను వచ్చినప్పుడు తీసుకుంటాను. 68,000లో సగం సంతకంతో, సగం ఫిబ్రవరిలో పని మీరు చూసుకున్నాక. బుధవారం దాటితే ప్రింటర్ పని తెలిసిన కుర్రాడు వేరే పనికి వెళ్తాడు, అప్పుడు ఫిబ్రవరి 9 మాట నేను ఇవ్వలేను. వద్దనుకున్నా అదే కాగితంపై ఒక ముక్క రాయండి, మొదటి ఒప్పందం ప్రకారమే ముగిస్తాం.

మంగళవారం ఉదయం బాసర మీదుగా ధర్మాబాద్ వస్తున్నాను. 11 సెకన్ల పట్టి, కొత్త పద్ధతిలో తీసిన నమూనా పట్టి రెండూ తెస్తాను. పక్కపక్కన పెట్టి చూద్దురు గాని.

ఇట్లు
మీ ప్రాజెక్ట్ మేనేజర్

జత: చేంజ్ రిక్వెస్ట్ 3, రెండు పేజీలు