నాలుగు వందల ఏడు ఎలా రాయాలి?

చిట్టీ, నీ డిక్టేషన్ కాగితం ముందు పెట్టుకో. పిన్ని నిన్నేమీ అనదు, టెన్షన్ పడకు.

‘నాలుగు వందల ఏడు’ అంటే నువ్వు 470 రాశావు. కింద ‘నాలుగు వందల డెబ్బై’ అన్నప్పుడూ 470 రాశావు. రెండూ ఒకటే అవుతాయా? డబ్బులు పెట్టి చూద్దాం పట్టు.

కాగితం మీద పక్కపక్కన మూడు గడులు గియ్యి. ఎడమ గడిపైన వందలు, మధ్యలో పదులు, కుడివైపు ఒకట్లు అని రాయి. వంద నోట్లు, పది నోట్లు, రూపాయి బిళ్లలు వాటి వాటి గడిలోనే ఉండాలి. ఇప్పుడు నాలుగు వందల ఏడు రూపాయలు పెట్టు. వంద నోట్లు నాలుగు, బిళ్లలు ఏడు. మరి పది నోట్లు? ఒక్కటీ లేదు. లేదని ఆ గడి వదిలేస్తే 47 అయిపోతుంది, నీ నాలుగు వందలు కాస్తా నాలుగు పదులైపోతాయి! అందుకే అక్కడ సున్నా పెట్టాలి: 407.

డెబ్బై అయితే ఏడు పది నోట్లు. ఆ 7 మధ్య గడిలోకి వెళ్తుంది, బిళ్లలు లేవు కాబట్టి చివర సున్నా: 470. అంకెలు అవే, చోటు మారింది. నువ్వు కొట్టువాడివైతే 407 ఇవ్వాల్సిన చోట 470 ఇచ్చి 63 రూపాయలు పోగొట్టుకునేదానివి.

మూడో లెక్కలో ‘మూడు వందల యాభై రెండు’కి 30052 రాశావు. 300 రాసి దాని పక్కనే 52 అంటించావు కదూ? చాలామంది పిల్లలు ఇలాగే రాస్తారు, ఎందుకంటే చెవికి అలాగే వినిపిస్తుంది. కానీ గడులు మూడే. మూడు వంద నోట్లు, ఐదు పది నోట్లు, రెండు బిళ్లలు. ఒక్కో గడికి ఒక్క అంకె: 352.

పది నోట్లు ఉన్నాయో లేదో చెవితోనే పట్టేయొచ్చు. ఇరవై, ముప్పై, నలభై, యాభై... తొంభై దాకా పైకి అను. అన్నిటి చివరా ‘ఐ’ చప్పుడు వస్తోంది కదా? వందల తర్వాత ఆ చప్పుడు వినిపిస్తే మధ్య గడిలో రెండో, అంతకన్నా ఎక్కువో పదులు ఉన్నట్టే. పది నుంచి పంతొమ్మిది దాకా ఆ చప్పుడు రాదు, కానీ అన్నీ ‘ప’తో మొదలవుతాయి, వాటిలో ఒక్క పది ఉంటుంది. ఈ రెండూ వినిపించకపోతే మధ్యలో సున్నా.

ఇప్పుడు నేను చెబుతా, నువ్వు ముందు గడులు గీసి తర్వాత రాయి. ఆరు వందల ఐదు. ఆరు వందల యాభై. ఆరు వందల పదిహేను.

అయ్యాయా? ఇంకొకటి, కాస్త తిరకాసుది. నీ దగ్గర పన్నెండు పది నోట్లున్నాయి, ఇంకేం లేవు. మధ్య గడిలో 12 రాయడానికి వీల్లేదు, ఒక్క అంకే పడుతుంది. పది పది నోట్లు నాకిచ్చి వంద నోటు ఒకటి తీసుకో. ఇప్పుడు ఏ గడిలో ఎంత?