ఆర్నెల్లు

"పావనీ... లాల్మన్ శుక్లా కేసు. ఫ్యాక్ట్స్ చెప్పమ్మా."

కాంట్రాక్ట్స్ సారు అటెండెన్స్ రిజిస్టర్లోంచి తలెత్తకుండానే అన్నారు. పొద్దున జిల్లా కోర్టులో వాయిదాలు చూసుకుని, నల్లకోటు చేతిమీద వేసుకుని వచ్చి పాఠం చెప్పే మనిషి. క్లాసులో కూడా సాక్షిని పిలిచినట్టే పిలుస్తారు.

పావని లేచింది. రాత్రి పదకొండు దాకా కూర్చుని చదివిన కేసే. 1913, అలహాబాద్ హైకోర్టు. నోట్సులో ఎర్రపెన్నుతో గీతలు కూడా కొట్టుకుంది. లేచేదాకా అన్నీ ఉన్నాయి. లేచాక ఒక్కటీ లేదు.

బెంచి అంచున ఎవరో పాత స్టూడెంటు కాంపస్ ముల్లుతో చెక్కిన పేరు ఉంది. సగం చెక్కి వదిలేశాడు. పావని బొటనవేలు ఆ గాట్ల మీద ముందుకీ వెనక్కీ తిరుగుతోంది. "సార్..." అంది. ఆ తర్వాత నోరు తెరిచే ఉంది గానీ మాట రాలేదు. నాలుక పైకి అంటుకుపోయింది. చెవుల్లో వేడి.

"ఐదొందల ఒకటి... ఐదొందల ఒకటి," వెనక బెంచీలోంచి దివ్య గుసగుస. వినపడింది. వినపడినా అదేదో ఎవరి ఫోన్ నంబర్లోదో అంకెలా ఉంది తప్ప, దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు.

సారు తిట్టలేదు. తిట్టినా కాస్త నయం, క్లాసు నవ్వేసి ఊరుకునేది. ఆయన పెన్ను మూతపెట్టి, చేతులు కట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. కోర్టులో సాక్షి నీళ్ళు నములుతుంటే వకీళ్ళు అలాగే చూస్తారట. అరవై మంది తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.

"మునీమ్ అంటే ఎవరో తెలుసుగా? మన భాషలో గుమాస్తా. కొట్లో పద్దులు రాసుకునేవాడు," సారు సాయం చేద్దామనే అన్నారు. ముందు వరసలో ఎవరో ఎందుకో నవ్వారు.

దాంతో మిగిలిన కాస్తా పోయింది.

చివరికి రోహిత్ లేచాడు. ఇంగ్లీషులో, నిమిషంలో, కామా పోకుండా చెప్పేశాడు. సారు "గుడ్" అని, పావని వైపు తిరిగి, "కూర్చో. రేపు కూడా ఇదే కేసు, నువ్వే చెప్తావు," అన్నారు.

మద్దిలపాలెం స్టాపులో దివ్య ఏదో ఓదార్పు చెప్పబోయింది. పావని వచ్చిన మొదటి బస్సు ఎక్కేసింది. అది కంచరపాలెం వెళ్ళే బస్సు కాదని తర్వాత తెలిసింది.

నాన్న ఇంటికొచ్చేసరికి తొమ్మిది. పూర్ణా మార్కెట్లో పప్పుల హోల్‌సేల్ కొట్టు, అక్కడ గుమాస్తా. రాత్రి లెక్క కలిస్తే గానీ షావుకారు వదలడు. కుడిచెయ్యి మధ్యవేలి మీద బాల్‌పెన్ను సిరా మచ్చ ఎప్పుడూ ఉంటుంది, ఎంత తోమినా పోదు. కంచం ముందు కూర్చుని రోజూ అడిగే మాటే అడిగాడు.

"ఇయ్యాల ఏటి పాఠం సెప్పినారమ్మా?"

చెప్పకూడదనుకుంది. కానీ చారు పోస్తూ మొదలుపెట్టింది.

"కాన్పూర్లో ఒక షావుకారు నాన్నా. వాళ్ళింటి పిల్లాడు తప్పిపోయాడు. దగ్గరున్న గుమాస్తాకి దారి ఖర్చులిచ్చి, హరిద్వార్ వెళ్ళి వెతకమన్నాడు. ఈయన అటెళ్ళాక షావుకారు ఇక్కడ కరపత్రాలు వేయించాడు, పిల్లాణ్ణి తెచ్చినవాళ్ళకి 501 రూపాయలని. ఆ సంగతి ఈయనకి తెలీదు. తెలీకుండానే పిల్లాణ్ణి పట్టుకున్నాడు."

"డబ్బులిచ్చినాడా?"

"ఏదో కొంత ఇచ్చాడు. ఈయనా ఇంకా కావాలని అడగలేదు. ఆర్నెల్లు అక్కడే పనిచేశాడు. తర్వాత షావుకారు పనిలోంచి తీసేశాడు. అప్పుడేశాడు కేసు, 499 రూపాయలకి."

నాన్న ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగి నవ్వాడు. "పని పోయినాక ఏసినాడా. ఉన్నన్నాళ్ళూ నోరెలా వస్తాదమ్మా?" మళ్ళీ కలుపుకుంటూ, "గెలిచినాడా?" అన్నాడు.

"ఓడిపోయాడు."

"ఓడిపోతాడు మరి."

పావని చారు గిన్నె కింద పెట్టేసింది. "అదేంటి నాన్నా?"

"ఎతకమని పంపినాడా లేదా? జీతం ఇస్తన్నాడు, దారి ఖర్చు ఇచ్చినాడు. దొరికినాడు, తెచ్చినాడు. పని సేసినాడు, అంతే. పైన బహుమానమేటి?"

"ఊళ్ళో ముక్కూమొహం తెలీనివాడు తెస్తే ఇచ్చేవాడుగా! పొద్దుట్నించీ రాత్రిదాకా నమ్మకంగా పనిచేసేవాడికి మాత్రం లేదా?"

"ఆడు బయటోడు. ఈడు ఇంట్లోవోడు."

"ఇంట్లోవాడైతే ఆర్నెల్లకి ఎందుకు తీసేశాడు?"

నాన్న దగ్గర దానికి జవాబు లేదు. ఉన్నా చెప్పలేదు. పావని మాత్రం ఆగలేదు. గుమాస్తాలకి నమ్మకస్తుడని పేరు పెడితే చాలు, పండక్కి పంచె ఇస్తే చాలు, ఇంకేం ఇవ్వక్కర్లేదని షావుకార్లందరికీ తెలుసంది. కాన్పూర్ షావుకారుతో మొదలైన వాదన ఎప్పుడో పూర్ణా మార్కెట్ చేరిపోయింది. పక్కవాటా పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది.

"ఏటే ఆ అరుపులు, నాన్నని అన్నం తిన్నీవా?" అంది అమ్మ.

నాన్న తల దించుకుని చారన్నం జుర్రుకుంటున్నాడు. నవ్వుతున్నాడో, నొచ్చుకున్నాడో తెలియలేదు. చెయ్యి కడుక్కున్నాక మాత్రం, "కేసుకి వకీలు బాగా లేడేమోలే," అన్నాడు.

మర్నాడు సారు రిజిస్టర్ తెరవక ముందే "పావనీ" అన్నారు.

లేచింది. బొటనవేలు మళ్ళీ ఆ గాట్ల మీదకే పోయింది. గొంతు నిన్నటిలాగే ఎండిపోయింది. అది మారలేదు. కానీ ఈసారి "కాన్పూర్లో ఒక షావుకారు, సార్," అని తెలుగులోనే మొదలుపెట్టింది. సారు ఆపలేదు. రోహిత్ నిమిషంలో ముగించిన కథకి పావనికి బాగానే పట్టింది. రైలు ఖర్చు చెప్పింది, కరపత్రం చెప్పింది, ఎవరూ అడక్కపోయినా ఆర్నెల్ల సంగతి రెండుసార్లు చెప్పింది.

"ఎందుకు ఓడిపోయాడు?"

"బహుమానం ఉందని తెలీకుండా పని చేశాడు సార్. తెలియని ఆఫర్‌ని యాక్సెప్ట్ చేయడం కుదరదు."

"ఒకటి. రెండోది?"

మళ్ళీ ఖాళీ. నోట్సులో రెండో పాయింటు ఉంది, ఎర్రగీత కూడా గుర్తుంది, గీత కిందున్న మాట గుర్తులేదు. సారు చేతులు కట్టుకోబోతున్నారు.

"ఎతకమని పంపినాడు..." నాన్న మాట నాన్న యాసలోనే వచ్చేసింది. క్లాసు గొల్లుమంది. పావని సర్దుకుంది. "వెతకమని పంపాడు సార్. అది అప్పటికే గుమాస్తా డ్యూటీ. జీతానికి చేయాల్సిన పనికి బహుమానమేంటని."

"కరెక్ట్. ఎక్కడ చదివావు?"

"మా నాన్న చెప్పాడు సార్. పూర్ణా మార్కెట్లో గుమాస్తా." ఈసారి ఎవరూ నవ్వలేదు, లేదా పావనికి వినపడలేదు. "కానీ నేను ఒప్పుకోలేదు సార్."

"హైకోర్టు ఒప్పుకుందిగా."

"అవును సార్."

"మరి నీ అభ్యంతరం?"

"కరపత్రంలో తెచ్చినవాళ్ళకి అని వేశారు సార్. మా గుమాస్తా తప్ప అని వేయలేదు."

రోహిత్ చెయ్యెత్తి, పిలవకుండానే లేచి నిలబడ్డాడు. "సార్, బట్ నాలెడ్జ్ లేనప్పుడు..."

సారు చేత్తోనే అతన్ని కూర్చోమన్నారు. "ఉండవయ్యా. ఆమె వాదన ఇంకా పూర్తి కాలేదు."

నిజానికి పూర్తయిపోయింది. పావని దగ్గర అంతకు మించి ఏమీ లేదు. ఇప్పుడు ఇంకేదో ఒకటి వెతుక్కోవాలి.

"రెండో సంగతి ఏంటంటే సార్..." అంది.