వెనక్కి వెళ్లిన సిలిండర్ల గురించి మా మాట

కావలి టౌనులో, ముసునూరులో, తుమ్మలపెంట వైపు మా దగ్గర గ్యాస్ కనెక్షన్ ఉన్న అందరికీ నమస్కారం.

పోయిన సోమవారం మా ఆఫీసు తలుపు మీద ఒక కాగితం అంటించాం. "డీఏసీ సమర్పించని వినియోగదారులకు రీఫిల్ సరఫరా చేయబడదు. ఈ విషయమై ఎట్టి వాదప్రతివాదములకు తావు లేదు" అని అందులో ఉంది. డీఏసీ అంటే సిలిండరు పంపేముందు మీ ఫోన్‌కు వచ్చే కోడ్. దాన్ని చించేశాం. గ్యాస్ అయిపోయి, ఆటో చార్జీలు పెట్టుకుని మా దాకా వచ్చినవాళ్లకు కనబడాల్సిన మాట కాదది. రాసింది నేనే. తప్పు నాది, మన్నించండి.

ఆ వారంలో 23 ఇళ్ల గుమ్మం దాకా వచ్చిన సిలిండరు మళ్లీ బండెక్కి వెనక్కి వచ్చేసింది. ముసునూరులో ఒక పెద్దావిడ "కోడ్ నాకేం తెలుసు నాయనా, ఫోన్ హైదరాబాదులో మావాడి దగ్గరుంది" అని ఎంత చెప్పినా మా కుర్రాడు ఆగలేదు. ఆవిడ ఆ రాత్రి పక్కింట్లో అన్నం వండుకున్నారట. తుమ్మలపెంటలో ఇంకో రకం ఇబ్బంది. మగవాళ్లు వేటకు వెళితే ఫోన్ కూడా వాళ్లతోపాటే సముద్రం మీద ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్లు కోడ్ ఎక్కడినుంచి తెస్తారు? ఈ సంగతి మేం ముందే ఆలోచించాల్సింది.

ఇంతకీ ఈ కోడ్ ఎందుకంటే, ఇంటి సిలిండరు హోటల్ సిలిండరు కంటే చవక. మీ పేరు మీద బిల్లు కొట్టి, ఆ సిలిండరును హోటల్‌కు అమ్మేసుకునే మోసాలు జరుగుతుంటాయి. సిలిండరు మీ ఇంటికే చేరిందనడానికి మీ ఫోన్‌కు వచ్చిన అంకెలే గుర్తు. అందుకే రూలు తీసేయడం మా చేతుల్లో లేదు. రూలు మీకు అడ్డం పడకుండా చూడటం మాత్రం మా పనే.

ఆ 23 మందీ మళ్లీ బుక్ చేయనక్కర్లేదు, మా దగ్గరకు రానక్కర్లేదు. గురువారం సాయంత్రంలోగా మేమే తెచ్చి ఇస్తాం. బయలుదేరే ముందు ఫోన్ చేస్తాం. ఫోన్ కలవకపోతే ఇంటికే వస్తాం, నంబరు అక్కడే సరిచేస్తాం.

మిగతావాళ్లు కూడా కోడ్ ఎవరి ఫోన్‌కు వస్తోందో ఒకసారి చూసుకోండి. పగలు ఇంట్లో ఉండేవాళ్ల నంబరు ఎక్కిస్తే ఈ తలనొప్పి ఉండదు. కనెక్షన్ అయ్య పేరు మీద ఉన్నా అమ్మ నంబరు పెట్టుకోవచ్చు. అయితే ఆ నంబరు మరో గ్యాస్ కనెక్షన్‌కు వాడుతున్నది కాకూడదు. గ్యాస్ పుస్తకం, ఆధార్ తెస్తే ఆఫీసులో పది నిమిషాల పని. దానికి డబ్బులేమీ తీసుకోం. శనివారం సాయంత్రం 4 నుంచి 7 దాకా మా మనిషి తుమ్మలపెంట రామాలయం దగ్గర కూర్చుంటాడు. పుస్తకం పోయినవాళ్లు పాత బిల్లు తెచ్చినా చాలు. అదీ లేకపోతే ఊరికే రండి, పేరు చెబితే వెతుకుతాం.

పిల్లలు దూరాన ఉండి, నంబరు మార్చడం ఇష్టం లేని పెద్దవాళ్లు కోడ్ వచ్చిన రోజే వాళ్లను అడిగి, క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. సిలిండరు దించాక మా కుర్రాళ్లు అక్కడ చూసి రాసుకుంటారు.

ఒక్క జాగ్రత్త. సిలిండరు మీ గుమ్మంలో దించాకే కోడ్ చెప్పండి. "ఏజెన్సీ నుంచి మాట్లాడుతున్నాం, అంకెలు చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే చెప్పకండి. మేమూ ఫోన్‌లో అడగం. బరువు మీద అనుమానం ఉంటే తూచమని అడగండి, మొహమాటం వద్దు. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోల గ్యాస్ కలవాలి. బిల్లులో ఉన్నదానికి మించి రూపాయి కూడా ఇవ్వకండి.

ఇంకా కోపం తీరనివాళ్లు ఆఫీసుకు వచ్చి నన్నే అడగండి, పొద్దున 9 నుంచి 1 దాకా బల్ల దగ్గరే ఉంటాను. బండి మీద తిరిగే కుర్రాళ్లను మాత్రం ఏమీ అనకండి. కోడ్ లేకపోతే వెనక్కి తెచ్చేయమని వాళ్లకు చెప్పింది నేనే. ఇకమీదట గుమ్మం దగ్గర నిలబడి ముందు నాకు ఫోన్ చేయమని చెప్పాను.

గ్యాస్ వాసన వస్తే మాత్రం మా కోసం ఎదురుచూడకండి. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇట్లు,
మీ గ్యాస్ ఏజెన్సీ యజమాని, కావలి