ప్యాచ్ 4.7: వెన్నెల బలం తగ్గిస్తున్నాం, కారణాలు ఇవీ

ముందుగా అసలు మాట చెప్పేస్తాం. ఇది నెర్ఫే. 'సర్దుబాటు', 'మెరుగుదల' లాంటి పేర్లు పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టం. ఈ ప్యాచ్ తర్వాత మన ఆటలోని వెన్నెల పాత్ర ఇప్పటికంటే బలహీనంగా ఉంటుంది. మొదటి వారం మీ చేతికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మారినవి

నీడనడక: దెబ్బ తగలని వ్యవధి 0.5 నుంచి 0.3 సెకన్లకు తగ్గింది.
నీడనడక: కూల్‌డౌన్ 7 నుంచి 9 సెకన్లకు పెరిగింది. అయితే గుర్తు పడిన శత్రువును నీడనడకతో కొడితే 3 సెకన్లు వెనక్కి వస్తాయి. ఇది కొత్తగా చేర్చాం.
పున్నమి: కొట్టిన దెబ్బలో తిరిగొచ్చే ప్రాణం 35 నుంచి 25 శాతానికి తగ్గింది.
కత్తి దెబ్బ: డ్యామేజ్ 140 నుంచి 150కి పెరిగింది.

వెన్నెల వేగం, దూకే దూరం, నీడనడక మధ్యలో కత్తి దూసే వెసులుబాటు మారలేదు. మీరు నెలల తరబడి సాధన చేసిన కాంబోలు ఎప్పటిలాగే పనిచేస్తాయి. ఈ ఒక్కటీ పోకూడదని బృందంలో గట్టిగా పట్టుబట్టాం.

ఎందుకు తగ్గించాల్సి వచ్చింది

మీలో చాలామంది అడిగింది నిజమే: మొత్తం ఆటగాళ్లను లెక్కలోకి తీసుకుంటే వెన్నెల గెలుపు 51 శాతమే. ఆ అంకె ఒక్కటే చూస్తే ఆమెను ముట్టుకోనవసరం లేదు. కానీ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల ఓటములు, ఆరితేరినవాళ్ల గెలుపులు కలిసిపోయి వచ్చిన సగటు అది. పై ర్యాంకులో ఆమె గెలుపు 56 శాతం. అక్కడ పది మ్యాచుల్లో ఎనిమిదింటిలో ఆమెను బ్యాన్ చేస్తున్నారు. అంటే ఆమెను ఎంతో ఇష్టపడి, బాగా ఆడేవాళ్లకే ఆమె దొరకడం లేదు.

ఒక పోరు తీసుకుందాం. వెన్నెల ఎదుట కేసరి ఉన్నాడు. అతని చేతిలో ఆమెను ఆపగలిగేది బల్లెం ఒక్కటే. అతను గురి తప్పకుండా విసిరాడు. వెన్నెల నీడనడకతో దాని గుండా దూసుకుపోయింది. ఇంతవరకూ న్యాయమే, అది ఆమె నైపుణ్యం. కానీ బల్లెం తిరిగి చేతికి రావడానికి 8 సెకన్లు, నీడనడకకు 7. రెండోసారి బల్లెం లేచేసరికి ఆమె తప్పించుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. మూడోసారీ అంతే. కేసరి ఏ తప్పూ చేయకుండానే ఓడిపోతాడు. ఇప్పుడు 9 సెకన్లు కావడంతో అతనికి ఒక్క సెకను దొరుకుతుంది. ఎదురు దాడికి దిగి గురి చూసి కొట్టే వెన్నెల ఆ సెకనును కూడా మూసేయగలదు. ఊరికే తప్పించుకుంటూ తిరిగే వెన్నెల మూసేయలేదు.

మా పొరపాట్లు

ఈ పరిస్థితికి కారణం వెన్నెల కాదు, మేము. 4.5లో అందరి స్టన్ వ్యవధినీ 1.5 నుంచి 1.2 సెకన్లకు తగ్గించాం. అంతకుముందు ఆమె ఒక్కసారి చిక్కితే జట్టు చేరుకుని పని ముగించేది. ఇప్పుడు రెండో దెబ్బ చేరేలోపే ఆమె జారిపోతోంది. ఆ మార్పు ఆమెకు ఇంతగా కలిసొస్తుందని మేము ఊహించలేకపోయాం.

తర్వాత 4.6లో తప్పు చోట చెయ్యి పెట్టాం. కత్తి డ్యామేజ్‌ను 155 నుంచి 140కి తగ్గించాం. పై ర్యాంకులో దాని ప్రభావం దాదాపు లేదు, ఎందుకంటే సమస్య ఆమె కొట్టే దెబ్బ కాదు, ఆమెకు దెబ్బ తగలకపోవడం. ఆమెను అప్పుడప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం నలిగిపోయారు. ఈసారి పదిని తిరిగి ఇస్తున్నది అందుకే. మొత్తం పదిహేనూ ఎందుకివ్వలేదంటే, కూల్‌డౌన్ వెనక్కి వచ్చే కొత్త సదుపాయంతో కలిస్తే ఎంతవుతుందో చూడకుండా ఇవ్వడానికి ధైర్యం చాలలేదు.

మిగతా పాత్రలనే బలపరచవచ్చు కదా అని అడిగారు. ప్రయత్నించి చూశాం. వెన్నెలను పట్టుకోగలిగేలా కేసరిని పెంచితే, తప్పించుకునే శక్తే లేని పాత్రలు అతని ముందు ఒక్క క్షణం నిలవలేకపోయాయి. ఒకరి కోసం పదిమందిని తిరగరాయాల్సి వచ్చేది.

ఇక వెన్నెల కొత్త దుస్తుల సంగతి. అవి అమ్మకానికి వచ్చేనాటికే ఈ నెర్ఫ్ గురించి మాలో చర్చ మొదలైంది. ఆ మాట మీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. మీ కోపం సబబే, క్షమించండి. గత 60 రోజుల్లో వాటిని కొన్నవారు ఈ నెలాఖరులోగా సెట్టింగ్స్‌లోని కొనుగోళ్ల పేజీ నుంచి నాణేలన్నీ వెనక్కి తీసుకోవచ్చు. కారణం అడగం.

రెండు వారాల తర్వాత పై ర్యాంకు, కింది ర్యాంకు అంకెలను విడివిడిగా మీ ముందు పెడతాం. కింది ర్యాంకులో ఆమె గెలుపు 48 శాతం కన్నా దిగితే, తదుపరి ప్యాచ్ కోసం ఆగకుండా కత్తి డ్యామేజ్‌ను 155కి తెస్తాం.

బ్యాలెన్స్ బృందం